రోకటి పోటు మీద కట్: టెంప్లేట్‌తో చేసినా మనదే అనిపించే రీల్

పోయిన దసరాకి ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో గాజుల కొట్టువాళ్లు, బిర్యానీ పాయింటువాళ్లు, ట్యూషన్ సెంటరువాళ్లు వారం తేడాలో తలా ఒక రీల్ పెట్టారు. మూడూ నా ఫోన్‌లో వరసగా వచ్చాయి. అదే పాట, అదే చోట తెల్లటి మెరుపు, అదే చోట బొమ్మ గిర్రున తిరగడం, చివర్లో అవే పసుపు అక్షరాలు. సాయంత్రానికి నేను చూసింది గాజులో బిర్యానీయో కూడా గుర్తు లేదు. ముగ్గురూ వాడింది ఒకే టెంప్లేట్.

టెంప్లేట్ వాడటం తప్పని నేను అనను. ఇక్కడి చిన్న వ్యాపారాలకు రీల్స్ చేసిపెట్టడం నా పని. ఒక్కో రీల్‌కి గంటన్నర మించి కూర్చుంటే నాకు గిట్టదు, అందుకే రోజూ టెంప్లేట్ వాడతాను. కాకపోతే దాన్ని వాడే వరస మార్చుకున్నాను. అందరూ ముందు టెంప్లేట్ ఎంచుకుని, అందులోకి బొమ్మలు పోసి, చివర్లో శబ్దం గురించి ఆలోచిస్తారు. నేను ముందు శబ్దం తీసుకుంటాను, దానికి సరిపోయే టెంప్లేట్ వెతుకుతాను, అక్షరాలు ఆఖర్న పెడతాను. మా పిన్ని అప్పడాల వ్యాపారానికి చేసిన 24 సెకన్ల రీల్‌ని మొదటి నుంచి చివరి దాకా విప్పి చూపిస్తే ఈ వరస ఎందుకో తెలుస్తుంది.

ఇన్‌షాట్, వీఎన్, ఎడిట్స్, యూట్యూబ్ క్రియేట్ లాంటి ఏ యాప్‌లో చేసినా పని ఇదే. బటన్ల పేర్లు అప్‌డేట్‌కొకసారి మారతాయి కాబట్టి వాటిని పట్టుకుని వేలాడను. టెంప్లేట్, మాటని విని అక్షరాలుగా రాసే ఆటో క్యాప్షన్, బొమ్మని తాళానికి కలిపే బీట్ సింక్ మూడూ ఒకే యాప్‌లో దొరకాలనీ లేదు. ఒకదాంట్లో కోసి, ఇంకోదాంట్లో అక్షరాలు పెట్టుకోవచ్చు.

టెంప్లేట్ లోపల ఏముంటుంది

పైన మెరుపులన్నీ తీసేస్తే టెంప్లేట్ అంటే కొన్ని గడులు. ఒక్కో గడికి ఇంత నిడివి అని ముందే కొలత ఉంటుంది. ఆ కొలతలు దానితో వచ్చే పాట దెబ్బలకు సరిపోయేలా ఎవరో కూర్చుని పెట్టారు. వాటి మీద ఒక బొమ్మ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వచ్చే ట్రాన్సిషన్లు, ఫిల్టర్, ఫాంట్ పూతలా ఉంటాయి. మనకు పనికొచ్చేది ఆ కొలతలే. పూత అందరికీ ఒకటే కాబట్టి చూసేవాళ్లు దాన్ని ఇట్టే గుర్తుపడతారు.

కాబట్టి టెంప్లేట్ నచ్చగానే బొమ్మలు పోయకండి. ఒకసారి దాన్ని ఆడించి, ఎన్ని గడులు, ఏది ఎంతసేపు ఉంది అని కాగితం మీద రాసుకోండి. కొన్ని యాప్‌లు టెంప్లేట్‌ని విప్పి మార్చుకోనిస్తాయి, కొన్ని ఫోటోలు మార్చడం తప్ప ఇంకేదీ ముట్టనివ్వవు. ముట్టనివ్వకపోతే కాగితం మీది కొలతలతో ఖాళీ ప్రాజెక్టులో మీరే గడులు పెట్టుకోండి. పది నిమిషాల పని.

ముందు శబ్దం

పిన్ని ఇంట్లో అప్పడాల పిండిని ఇప్పటికీ రోట్లో వేసి, నూనె రాస్తూ, రోకలితో దంచుతారు. నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే, "ఏట్రా, పిండి దంచితే ఎవరు చూస్తారు? అప్పడాలు వేగాక తియ్యి" అంది. వేగిన అప్పడం ఎవరి రీల్‌లోనైనా ఉంటుంది. ఆ దంపుడు చప్పుడు మాత్రం ఆ ఇంట్లోదే. రీల్‌కి తాళం అదే అనుకున్నాను.

మీ పనిలోనూ ఇలాంటి చప్పుడు ఒకటి ఉంటుంది. కుట్టు మిషన్, పరోటా మాస్టర్ అరచేతులతో పరోటాలు కొట్టడం, టీ గ్లాసులు కడిగి బోర్లించడం, ఇస్త్రీ పెట్టె బల్లకు తగలడం, ఏదైనా సరే. పదే పదే ఒకే ఎడంతో రావాలి, అంతే.

దాని వేగం కొలవడానికి యాప్ అక్కర్లేదు. 30 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పిన్ని రోకలి 30 సెకన్లలో 25 సార్లు పడింది. అంటే నిమిషానికి 50, దెబ్బకూ దెబ్బకూ మధ్య 1.2 సెకన్లు. దీనికి జతగా నిమిషానికి 100 బీట్ల సంగీతం తీసుకుంటే ప్రతి రెండో బీట్ మీద రోకలి పడుతుంది. పాటకి 50 బీట్లే అయితే నీరసంగా ఉంటుంది. 90 అయితే రోకలి, పాట చెరో దారి పడతాయి. అందుకే చప్పుడు వేగానికి సరిగ్గా రెట్టింపు గానీ, చప్పుడే వేగంగా ఉంటే సమానం గానీ ఉన్న సంగీతం వెతకండి. కొన్నిచోట్ల ఉచిత సంగీతం పక్కనే వేగం రాసి ఉంటుంది. లేకపోతే మళ్లీ 30 సెకన్ల లెక్కే.

100 బీట్ల వేగంతో ఇంకో సుఖం ఉంది. బీట్‌కి 0.6 సెకన్లు, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది సరిగ్గా 18 ఫ్రేములు. నాలుగు బీట్ల ఆవర్తం 2.4 సెకన్లు. పది ఆవర్తాలైతే 24 సెకన్లు. రీల్ నిడివి అక్కడే తేలిపోయింది.

చప్పుడు రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపించండి, ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్‌ని రోటికి మూరెడు దూరంలో, నేల మీద కాకుండా పీట మీద మడతపెట్టిన గుడ్డ వేసి దాని మీద ఉంచండి. నేల మీద పెడితే ప్రతి పోటుకీ ఫోన్ అదురుతుంది, ఆ అదురు రికార్డింగ్‌లో బుంయ్‌మని వినిపిస్తుంది. నా మొదటి టేక్ అలాగే పోయింది.

మనిషి చేతి దెబ్బలు గడియారంలా పడవు. పిన్నివి ఒకచోట 1.1 సెకన్లకు, ఒకచోట 1.3 సెకన్లకు పడ్డాయి. అన్నింట్లోకీ గుండ్రంగా వినిపించిన ఒక్క పోటును కోసి, కాపీ చేసి, ప్రతి రెండో బీట్ మీద పెట్టాను. బొమ్మలోని రోకలి ఆ చోటికి రావడానికి క్లిప్ వేగాన్ని కొద్దిగా పెంచో తగ్గించో సరిచేశాను. పదో వంతు లోపు మార్పు కంటికి తెలియదు. అంతకు మించితే మనిషి బొమ్మలా కదులుతుంది.

సొంత చప్పుడుతో ఇంకో లాభం. బిజినెస్ ఖాతా పెట్టుకున్నవాళ్లకి ఇన్‌స్టాగ్రామ్‌లో సినిమా పాటలు చాలావరకు దొరకవు. బయటి నుంచి వేసుకొస్తే శబ్దం మూసేసే అవకాశం ఉంది. రోకలి చప్పుడుకి ఆ బాధ లేదు.

బీట్ గుర్తులు: యాప్ పెట్టినవన్నీ ఉంచొద్దు

సంగీతం టైమ్‌లైన్‌లో పెట్టి ఆటో బీట్ నొక్కితే చుక్కలు పడతాయి. యాప్‌కి తాళం తెలిసి పెట్టినవి కావవి. శబ్దం ఉన్నట్టుండి పెరిగిన చోటల్లా ఒక చుక్క పెడుతుంది. డప్పు ఎదురు దెబ్బ కొట్టినా, గాయకుడు గట్టిగా 'క' అన్నా దానికి బీటే. నాకు 24 సెకన్లలో 70కి పైగా చుక్కలు వచ్చాయి, ఉండాల్సినవి 40. మొదటి చుక్క సరిగ్గా ఉందో లేదో చెవితో చూసుకుని, అక్కడి నుంచి 0.6 సెకన్ల ఎడం లేనివన్నీ తీసేశాను.

మన జానపద పాటలతో ఇంకో చిక్కు. వాటిలో చాలా వాటిది తిశ్ర నడక, మూడేసి లెక్క. యాప్‌లు, టెంప్లేట్లు నాలుగు లెక్కకు అలవాటు పడ్డవి. తిశ్రం పాటను నాలుగు లెక్క టెంప్లేట్‌లో వేస్తే మొదటి రెండు కట్లు బాగానే అనిపిస్తాయి, మూడోదాని నుంచి ఏదో జారుతున్నట్టు ఉంటుంది. ఏది తప్పో మాత్రం పట్టుబడదు. పాట వింటూ చేత్తో తొడ మీద వేయండి. తకిట తకిట అని వస్తే ఆ టెంప్లేట్ వదిలేయండి, లేదా గడుల నిడివిని మూడు బీట్లకు, ఆరు బీట్లకు మార్చుకోండి.

చుక్కలు చేత్తో కొట్టేవాళ్లు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తీసేయండి. వాటిలో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది. 0.2 సెకన్లు ఆలస్యమైనా ఆరు ఫ్రేములు వెనకబడ్డట్టే. మన చెవికి సరిగ్గానే కొట్టినట్టు ఉంటుంది, ఇంకొకరి ఫోన్‌లో చూస్తే ప్రతి కట్టూ వెనకాలే వస్తుంది. తీగ ఇయర్‌ఫోన్స్ గానీ ఫోన్ స్పీకర్ గానీ వాడితే గొడవ ఉండదు.

ఇక అసలు సంగతి. బీట్ సింక్ అంటే ప్రతి బీట్ మీదా కట్ పెట్టడం అనుకుంటారు. రీల్ అందరిలా కనపడటానికి పెద్ద కారణం అదే. బీట్ మీద పడాల్సింది బొమ్మలో జరిగే దెబ్బ. రోకలి పిండిని తాకిన ఫ్రేమ్, అప్పడం నూనెలో పడ్డ ఫ్రేమ్, చెయ్యి చరిచిన ఫ్రేమ్. ఆ ఫ్రేమ్ బీట్ మీద ఉంటే కట్ ఎక్కడున్నా చూసేవాడికి తాళం అందుతుంది. కట్ బీట్ మీదుండి, లోపల దెబ్బ ఎక్కడో పడితే అది తాళం తప్పిన భజనే.

దెబ్బ ఫ్రేమ్ పట్టుకోవడానికి టైమ్‌లైన్‌ని రెండు వేళ్లతో బాగా సాగదీసి ఒక్కో ఫ్రేమూ జరపండి. రోకలి కిందికి వచ్చేటప్పుడు మసకగా ఉంటుంది. తాకిన ఫ్రేమ్‌లో ఒక్కసారి స్పష్టంగా నిలబడుతుంది. ఆ స్పష్టమైన ఫ్రేమే చుక్క కిందికి రావాలి. అటో ఇటో తేల్చుకోలేకపోతే బొమ్మనే ఒక ఫ్రేమ్ ముందుంచండి. ఏటి అవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతుంటే బండ మీద గుడ్డ పడటం ముందు కనపడి, చప్పుడు తర్వాత వినపడుతుంది. కళ్లకు ఆ వరస అలవాటే. చప్పుడు ముందొచ్చి బొమ్మ తర్వాత వస్తే మాత్రం వెంటనే తేడా తెలిసిపోతుంది.

షూటింగ్ గడులను బట్టి

నేను ఎంచుకున్న టెంప్లేట్‌లో 14 గడులు ఉన్నాయి. మొదటి నాలుగు 1.2 సెకన్లవి, తర్వాత ఎనిమిది 0.6 సెకన్లవి, చివరి రెండూ 2.4 సెకన్లవి. మొత్తం 14.4 సెకన్లు, అంటే ఆరు ఆవర్తాలు. దీన్ని నా పది ఆవర్తాల మధ్యలో కూర్చోబెట్టి, ముందు ఒకటి, వెనక మూడు ఆవర్తాలు నావి కలిపాను. మొదటి రెండు సెకన్లు, చివరి ఏడు సెకన్లు ఇంకెవరి రీల్‌లోనూ ఉండవు. టెంప్లేట్ గుర్తుపట్టేవాళ్లు గుర్తుపట్టేది మొదట్లోనే కదా.

షూట్ చేసేటప్పుడు ఒక్కో పనిని గడి నిడివికి కనీసం మూడింతలు తీయాలి. 1.2 సెకన్ల గడికి నాలుగు సెకన్లు. లేకపోతే దెబ్బ ఫ్రేమ్‌ని చుక్క కిందికి జరిపేటప్పుడు ఇటువైపు ఫుటేజ్ చాలదు. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుని వెలుగు, ఫోకస్ లాక్ చేయండి. లేదంటే రోకలి అడ్డొచ్చినప్పుడల్లా బొమ్మ తెల్లబడి నల్లబడుతుంది. ఆ తేడా కప్పడానికే జనం ఫిల్టర్లు వేస్తారు.

రీల్ చివరికి ఇలా కుదిరింది.

మొదటి ఆవర్తంలో సంగీతం లేదు. రోకలి గాల్లో ఉండగా బొమ్మ మొదలవుతుంది. రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద పోట్లు. రెండే చప్పుళ్లు, ఒకే షాట్. వేలితో పైకి తోసేద్దామనుకున్నవాడు రెండో పోటు కోసం ఆగుతాడు, ఎందుకంటే మొదటిది పడగానే చెవి రెండోదాని కోసం చూస్తుంది.

7.2 సెకన్ల దాకా రెండు, మూడు ఆవర్తాలు. సంగీతం ఇక్కడ మొదలవుతుంది, రోకలి దాని కింద కొనసాగుతుంది. టెంప్లేట్ నాలుగు గడులూ ఉన్నవి ఉన్నట్టే వాడాను. ఇంగువ నీళ్లు, పిండి కలపడం, నూనె చెయ్యి, సాగుతున్న ముద్ద.

12 సెకన్ల దాకా నాలుగు, ఐదు ఆవర్తాలు. టెంప్లేట్‌లో ఇక్కడ ఎనిమిది వేగం గడులు. అలాగే పెట్టి చూశాను. అప్పడం ఒత్తడం 0.6 సెకన్లలో కళ్లకు ఆనలేదు. అప్పడాల కర్ర ఒకసారి ముందుకి వెళ్లి వెనక్కి రావడానికే సెకను పైన పడుతుంది. రెండేసి గడులు కలిపి నాలుగు షాట్లు చేశాను. పని పూర్తయ్యేలోపు కట్ పడితే చూసేవాడికి టెన్షనే తప్ప ఏమీ మిగలదు.

16.8 దాకా ఆరు, ఏడు ఆవర్తాలు. టెంప్లేట్‌లో ఇక్కడ రెండు గడుల మధ్య గిర్రున తిరిగే ట్రాన్సిషన్ ఉంది. దాన్ని తీసేసి రెండూ కలిపేశాను. 4.8 సెకన్లు కట్ లేని ఒకే షాట్. మేడ మీద పాత చీర పరిచి ఆరబెట్టిన అప్పడాలు, వెనక కొండ మీద మబ్బు, పిన్ని చీర నాలుగు చెంగులూ పట్టుకుని పరుగు. అంత వేగం తర్వాత ఇంతసేపు ఒకే బొమ్మ నిలబడితేనే ముందటి వేగం కూడా వేగంలా అనిపిస్తుంది. టెంప్లేట్ రీల్స్‌లో ఎక్కడా దొరకనిది ఇదే, ఊపిరి తీసుకునే చోటు.

ఎనిమిదో ఆవర్తంలో నూనెలో అప్పడం పొంగడం. తొమ్మిదోది రాగానే సంగీతం, రోకలి రెండూ ఆపేశాను. 1.8 సెకన్ల నిశ్శబ్దం తర్వాత, నాలుగో బీట్ పడాల్సిన చోట అప్పడం విరిగిన చప్పుడు. సంగీతం లేకపోయినా చెవిలో తాళం నడుస్తూనే ఉంటుంది కాబట్టి అది సరిగ్గా అక్కడే పడాలి. నేను మొదట మూడు ఫ్రేములు వెనక పెట్టాను. ఏదో చప్పగా ఉందనిపించి ముందుకి జరిపితే కుదిరింది. పదో ఆవర్తంలో పిన్ని ముఖం, ఆర్డర్ చేయాల్సిన నంబరు.

మొత్తం రీల్‌లో ట్రాన్సిషన్ ఒక్కటి కూడా లేదు. ఒకటి ఉన్నా పర్వాలేదు గానీ, అది ఎందుకు ఉందో మీరు చెప్పగలగాలి. చోటు మారినప్పుడో కాలం మారినప్పుడో అయితే సరే. ఫిల్టర్ కూడా తీసేశాను. మినప్పిండి తెల్లగానే ఉండాలి, నారింజ రంగులో కాదు.

ఆటో క్యాప్షన్లు: మన నోటి దగ్గర యాప్ తడబడుతుంది

పర్లాకిమిడిలో ఒక వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది, మధ్యలో హిందీ చుట్టపు చూపుగా వచ్చిపోతుంది. ఆటో క్యాప్షన్ మాత్రం ఒక్క భాషనే వింటుంది. తెలుగు అని పెట్టి నొక్కితే ఒడియా మాటలకు కూడా దగ్గరలో ఉన్న తెలుగు మాట వెతికి పెడుతుంది. కొనడానికి వచ్చినావిడ "పాంపొడొ కెతే" అని అడిగిన ముక్కని నా యాప్ "పంపాడు చెప్తే" అని రాసింది. అప్పడం ఎంత అని అడిగితే ఎవరో ఎవరికో పంపారు.

దీనికి మందు రికార్డింగ్ దగ్గరే ఉంది. వెనక నుంచి వచ్చే మాటని షూటింగ్‌లో కాకుండా విడిగా, మూసిన గదిలో, ఫోన్‌ని జానెడు దూరంలో పెట్టి చెప్పించండి. ఒక టేక్‌లో ఒకే భాష. ఒడియా వాక్యం కావాలంటే అది వేరే క్లిప్, దాని అక్షరాలు చేత్తో టైప్ చేయాలి. సంగీతం కలపకముందే క్యాప్షన్లు తీయించండి, లేకపోతే రోకలి పోటుని కూడా మాట అనుకుంటుంది. మీ యాప్ భాషల జాబితాలో తెలుగు లేకపోతే హిందీ పెట్టి సరిదిద్దుకోవాలని చూడకండి. ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్‌తో ఒక్కో వాక్యం చెప్పి, కాపీ చేసి అతికించడం నయం. 24 సెకన్లకు ఏడెనిమిది లైన్లే కదా.

వచ్చిన క్యాప్షన్లలో ముందు మాటలు సరిచేయండి, తర్వాత లైన్లు విరవండి, ఆఖర్న సమయం జరపండి. వరస మారిస్తే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది, ఎందుకంటే మాట మార్చగానే కొన్ని యాప్‌లు ఆ లైన్ సమయాన్ని మళ్లీ పంచేస్తాయి. పేర్లు, ధరలు, తూకాలు ప్రత్యేకంగా చూడండి. "అరకిలో" అన్నది "ఆరు కిలో" అయితే ఫోన్లు ఎత్తలేక చావాలి.

లైన్ విరవడంలోనే తెలుగు తెలిసినవాడి చెయ్యి కనపడుతుంది. యాప్ అక్షరాలు లెక్కపెట్టి ఎక్కడో ఒకచోట విరిచేస్తుంది. నాకు ఇలా ఇచ్చింది: "కొండ మీద మబ్బు కనిపిస్తే చాలు మేడ", తర్వాతి లైన్ "మీదికి పరుగే". మేడ ఒక లైన్లో, మీదికి ఇంకో లైన్లో ఉంటే చదివేవాడు తట్టుకుని పడతాడు. దాన్ని "కొండ మీద మబ్బు కనిపిస్తే చాలు", "మేడ మీదికి పరుగే" అని విరిచాను. మాట ఆగిన చోట లైన్ ఆగాలి. ఒక లైన్‌లో ఐదు మాటలు దాటకపోతే మంచిది.

ఒక్కో మాట ఎగిరెగిరి వచ్చే స్టైల్ వద్దు. అది చిన్న చిన్న మాటలుండే ఇంగ్లీషుకి పుట్టిన పద్ధతి. మనకి "కనిపించినప్పుడల్లా" అనేది ఒక్క మాట. అది స్క్రీన్ నిండా ఎగిరితే వాక్యం ముక్కలైపోతుంది, పైగా మన క్రియ చివర్న వస్తుంది కాబట్టి అప్పటిదాకా అర్థం వేలాడుతూ ఉంటుంది. అక్షరం అక్షరంగా పడే యానిమేషన్ ఇంకా ఘోరం, గుణింతం ఒకచోట, వత్తు ఒకచోట వచ్చి వాలతాయి. లైన్ మొత్తం ఒకేసారి వచ్చి, ఒకేసారి పోవాలి.

అది కూడా మాటతో పాటు రావాలి, బీట్‌తో కాదు. కట్, పోటు, అక్షరం మూడూ ఒకే క్షణంలో పడితే యంత్రం చేసినట్టు ఉంటుంది. రోకలి బీట్ మీద, అక్షరాలు పిన్ని గొంతు మీద నడిస్తే రెండింటి మధ్యా కాస్త సందు ఉంటుంది, మనుషులు పని చేసుకుంటూ మాట్లాడుకున్నట్టు.

ఫాంట్ విషయానికొస్తే, టెంప్లేట్‌తో వచ్చే అందమైన ఫాంట్‌లలో చాలావాటికి తెలుగు రాదు. ఇంగ్లీషులో చూపిస్తే బాగుంటుంది, తెలుగు టైప్ చేయగానే ఫోన్‌లోని మామూలు అక్షరాలు వచ్చేస్తాయి. సొంత ఫాంట్ ఎక్కించుకోనిచ్చే యాప్ అయితే గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర, మండలి, సురన్న, తిమ్మన, గిడుగు అలాంటివే. నేను పెద్ద అక్షరాలకి గిడుగు వాడతాను. సన్నగా నిలువుగా ఉంటుంది కాబట్టి పొడుగు మాటలు కూడా స్క్రీన్‌లో పడతాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఆ పేరు గల గిడుగు రామమూర్తిగారు మా ఊళ్లోనే పంతులుగా ఉండి వాడుక భాష కోసం పోరాడారు. ఆయన పేరున్న అక్షరాల్లో "కలదు", "లభించును" అని రాయడానికి నాకు చెయ్యి రాదు. పిన్ని "దొరుకుతాయి" అంటే క్యాప్షన్‌లోనూ దొరుకుతాయి అనే ఉంటుంది.

ఫాంట్ పెట్టాక "స్త్రీ", "మిర్చి", "నెయ్యి", "ఒత్తుతాం" అని టైప్ చేసి చూడండి. వత్తు విడిపోయి పక్కన పడితే ఆ ఫాంట్ ఆ యాప్‌లో పనికిరాదు. అక్షరాల వెనక రంగు పెట్టె పెడితే కింది వత్తులు పెట్టె బయటికి వస్తాయి, లేదా తెగిపోతాయి. లైన్ల మధ్య ఎడం పెంచండి. అప్పటికీ కుదరకపోతే పెట్టె తీసేసి సన్నటి నల్ల అంచు పెట్టండి. అక్షరాలు స్క్రీన్ అడుగున ఐదో వంతులో ఉండకూడదు, అక్కడ ఖాతా పేరు, వివరణ వచ్చి కప్పేస్తాయి. కుడి అంచున లైక్, షేర్ గుర్తులుంటాయి, అటు కూడా చోటు వదలండి. నేను స్క్రీన్ నడుముకి కాస్త కిందుగా, కొద్దిగా ఎడమకి పెడతాను.

పంపే ముందు

మూడుసార్లు చూడండి. మొదటిసారి శబ్దం మూసేసి, క్యాప్షన్లు చదువుతూ. ఏ లైనైనా చదవడం అయ్యేలోపే పోతే దాన్ని పొడిగించండి. రెండోసారి ఫోన్ బోర్లించి, వింటూ మాత్రమే. గొంతు వినిపించేటప్పుడు సంగీతం అడ్డొస్తుంటే దాన్ని ఐదో వంతుకి తగ్గించండి, రోకలిని సగానికి. మూడోసారి వేరేవాళ్ల ఫోన్‌లో, మామూలు స్పీకర్‌లో. చవక స్పీకర్లలో రోకలి లోతైన చప్పుడు వినపడదు. నాకు అక్కడే తెలిసింది, దాని కింద రోటి అంచుకి రోకలి తగిలిన చిన్న టక్ శబ్దం ఒకటి కలపాల్సి వచ్చింది.

ఎక్స్‌పోర్ట్ 1080 బై 1920, 30 ఫ్రేములు. షూట్ చేసింది 30 అయితే ఎక్స్‌పోర్ట్ 60 పెట్టి లాభం లేదు. చివర్న యాప్ తన పేరుతో కలిపే ముక్క ఉంటే తీసేయండి, నిశ్శబ్దం తర్వాత అప్పడం విరిగిన చప్పుడు మీద అది వచ్చి కూర్చుంటే పడ్డ కష్టమంతా పోతుంది. కవర్ బొమ్మకి వేగిన అప్పడం కాకుండా రోకలి గాల్లో ఉన్న ఫ్రేమ్ పెట్టాను.

ఆ ప్రాజెక్టు చెరిపేయకుండా కాపీ ఉంచుకున్నాను. 40 చుక్కలు, గడుల కొలతలు, ఫాంట్ అన్నీ అందులో ఉన్నాయి. వడియాల రీల్‌కి దాన్నే తెరిచి రోకలి చప్పుడు తీసేశాను. వడియాలు పెట్టేటప్పుడు పిన్ని చెయ్యి గిన్నె అంచుకి తగిలే చప్పుడు లెక్కపెడితే 30 సెకన్లకు 36 వచ్చింది. అంటే నిమిషానికి 72. కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి.